కానుకలు వద్దని రాస్తే అత్తయ్య ఎందుకు నొచ్చుకుంది

డల్లాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి వాళ్ళ పాప మొదటి పుట్టినరోజుకి పోయిన నెల ఫోన్లో ఆహ్వానం పంపాడు. బొమ్మలు, రంగులు, పాప ఫొటో, అన్నిటికంటే కింద ఒక లైను: "నో బాక్స్‌డ్ గిఫ్ట్స్ ప్లీజ్". అమ్మ అది రెండుసార్లు చదివి, "పెట్టెలో పెట్టకుండా తెమ్మన్నాడా, అసలు తేవద్దన్నాడా?" అని నన్నడిగింది. అక్కడి మనవాళ్ళలో ఆ మాటకి అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది. వస్తువులు వద్దు, ఇవ్వాలనుకుంటే కవరో గిఫ్ట్ కార్డో ఇవ్వండి అని. నేను అదే చెప్పాను. తర్వాత అన్నయ్యతో మాట్లాడితే, "అయ్యో, నాకు నిజంగానే ఏమీ వద్దు. అందరూ రాసే లైనే కదా అని పెట్టేశాను" అన్నాడు. ఒక్క లైను అమ్మకి ఒకలా, నాకు ఒకలా అర్థమైంది. రాసినవాడి మనసులో ఉన్నది మరొకటి.

ఇలాంటి లైనొకటి రాసి మా ఇంట్లో ఒక పెద్దావిడ మనసు కష్టపెట్టినదాన్ని నేను. ఆ తర్వాత నాన్న షష్టిపూర్తికి అదే మాట ఇంకోలా రాయడానికి మా కుటుంబమంతా కూర్చుని వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. ఆ రెండింటి మధ్య నాకు అర్థమైంది చెబుదామనే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్ళలో చదివింపు అనేది బహుమతి కాదు. చాలామందికి అది తీర్చుకోవాల్సిన బాకీ. కొందరికి మాత్రం అది మోయలేని బరువు. "కానుకలు వద్దు" అనే లైను బరువు మోసేవాళ్ళ కోసం రాయాలి, బాకీ తీర్చుకునేవాళ్ళ దారికి అది అడ్డం రాకూడదు. ఈ రెండూ ఒకే వాక్యంలో ఇమడటం కష్టం. అందుకే ఇది రాత పని కంటే నోటి పని ఎక్కువ అనుకుంటున్నాను.

తెరవని సంచి

2022లో హైదరాబాదులో మా ఫ్లాట్ గృహప్రవేశం. కార్డు చివర "బహుమతులు స్వీకరించబడవు" అని వేయించాం. కారణాలు మామూలువే. రెండు పడకగదుల ఇల్లు, గోడ గడియారాలూ గాజు బొమ్మలూ ఎక్కడ పెట్టాలో తెలియదు. పైగా దూరాల నుంచి వచ్చేవాళ్ళకి మళ్ళీ ఆ ఖర్చు కూడా ఎందుకని. ఇందులో చెడు ఆలోచన ఏదీ లేదు.

మా మేనత్త తెనాలి నుంచి వచ్చింది. నాన్నకి స్వయానా అక్క. పొద్దున పాలు పొంగించే వేళకి పీటల పక్కనే నిలబడి అన్నీ దగ్గరుండి చేయించింది, భోజనాల దగ్గర వడ్డించింది, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది. ఏదో ముభావంగా ఉందని అనిపించింది కానీ ప్రయాణం బడలిక అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత అమ్మ చెప్పింది. అత్తయ్య ఆ రోజు ఒక జత వెండి కుందులు తెచ్చిందట. చేతిసంచిలో, కొత్త తువ్వాలులో చుట్టుకుని. గుమ్మం దగ్గర ఎవరో "కార్డులో వద్దని రాశారు కదండీ, మేమేం తేలేదు" అంటుంటే విందట. అంతే, సంచి తెరవలేదు. ఎలా తెచ్చిందో అలాగే తెనాలి తీసుకెళ్ళిపోయింది.

నేను వెంటనే ఫోన్ చేశాను. "అత్తయ్యా, అది మీకోసం రాసింది కాదు" అన్నాను. "నాకోసం కాకపోతే నాకు వచ్చిన కార్డులో ఎందుకుందమ్మా?" అంది. కోపంగా కూడా అనలేదు. కాసేపాగి ఇంకో మాట చెప్పింది. "2004లో మా అమ్మాయి పెళ్ళికి మీ నాన్న పదివేల నూట పదహార్లు చదివించాడు. గ్రైండరు కొనిచ్చాడు. అప్పుడు వాడి జీతమెంతో నాకు తెలుసు. వాడి పిల్ల ఇల్లు కట్టుకుంటే పెట్టాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను. స్వీకరించం అంటే నేనింకెప్పుడు పెట్టాలి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పద్ధెనిమిదేళ్ళుగా ఒక మనిషి మనసులో పెట్టుకున్న లెక్కని మేము ఒక ముద్రించిన వాక్యంతో కొట్టేశాం. ఆమె ఉద్దేశంలో అది కానుక కానే కాదు.

నాన్న పుస్తకం

మా ఇంట్లో అమ్మానాన్నల పెళ్ళి చదివింపుల పుస్తకం ఇంకా ఉంది. 1988 నాటి పొడుగు నోటు పుస్తకం, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు. మా తాతగారి తమ్ముడు రాశారట. అక్షరాలు గుండ్రంగా, నీలం సిరాతో ఉంటాయి. ఒకవైపు పేరు, ఊరు, ఇంకోవైపు ఇచ్చింది. నూట పదహార్లు, యాభై ఒకటి, స్టీలు బిందె, అరడజను గ్లాసులు, జాకెట్టు ముక్క. షష్టిపూర్తి పనులు మొదలుపెట్టినప్పుడు నాన్న ఆ పుస్తకం బయటికి తీస్తే నేను మొదటిసారి పూర్తిగా చూశాను.

పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో చిన్న టిక్కులున్నాయి. ఏంటని అడిగితే, "తిరిగి పెట్టినవి" అన్నారు నాన్న. ఆ ఇంట్లో పెళ్ళో, ఓణీల ఫంక్షనో, గృహప్రవేశమో జరిగినప్పుడు వెళ్ళి అంతకు తగ్గట్టు, అప్పటి రోజులకి సరిపోయేట్టు చదివించి వచ్చి టిక్కు పెట్టుకునేవారట. టిక్కులేని పేర్లు పదకొండో పన్నెండో మిగిలాయి. వాటిలో కొందరు పోయారు, కొందరి ఊసే తెలియదు. నాన్న ఆ పేర్లు చూస్తూ, "వీళ్ళ పిల్లలెక్కడున్నారో కనుక్కోవాలి" అన్నారు.

ఇది వడ్డీలేని అప్పుల వ్యవస్థ అని, వదిలించుకోవడమే మంచిదని ఒకప్పుడు నేనే వాదించేదాన్ని. ఆ వాదనలో నిజం లేకపోలేదు. మైకులో పేరూ మొత్తమూ చదవడం వల్ల చిన్నబుచ్చుకున్నవాళ్ళు ఎందరో. కానీ ఎకరం పొలం ఉన్నవాడు పిల్ల పెళ్ళి చేసి మర్నాడు పొద్దున కిరాణా కొట్టుకీ వంటవాళ్ళకీ డబ్బులు కట్టగలిగాడంటే చాలాసార్లు ఆ చదివింపుల డబ్బే. అందుకే మా బాబాయి, అంటే అమ్మ చెల్లెలి మరిది, ఒకసారి ముఖం మీదే అన్నాడు. "మీకు అవసరం లేదు కాబట్టి మీరు వద్దంటున్నారు. రేపు మా పిల్ల పెళ్ళికి మాకు అవసరం. ఇవాళ మీరు తీసుకోకపోతే, రేపు మీరిచ్చేది నేనే ముఖంతో తీసుకోవాలి?"

కానుకలు వద్దనడం మీద నేను విన్న అభ్యంతరాల్లో ఇదే అన్నిటికంటే బలమైనది. మనం ఉదారంగా ఉన్నామనుకుంటాం. అవతలి మనిషికి అది వంతెన తీసేసినట్టు కనిపిస్తుంది.

మరి ఎవరి కోసం రాయాలి?

అయితే లైనే వద్దా అంటే, అదీ కుదరదు. అమ్మకి జాకెట్లు కుట్టే ఆవిడ ఒకరున్నారు. ఇరవై ఏళ్ళ పరిచయం. మా ఇంట్లో ఏ ఫంక్షన్‌కి పిలిచినా "తప్పకుండా వస్తానమ్మా" అంటుంది, రాదు. మర్నాడెప్పుడో వచ్చి, ఒంట్లో బాగోలేదనో పిల్లాడికి పరీక్షలనో చెబుతుంది. ఒకసారి అమ్మ గట్టిగా నిలదీస్తే అసలు మాట చెప్పింది. "మాఘమాసం వస్తే నెలకి ఏడెనిమిది కార్డులొస్తాయమ్మా. ఒక్కోచోట ఐదొందలన్నా పెట్టాలి. వట్టి చేతుల్తో రాలేను, పెట్టలేను. అందుకే రాను."

వద్దు అనే మాట అవసరమైంది ఆమెకి. కార్డు మీద ఉన్నా, ఎవరైనా చెప్పినా, ఆమె వస్తుంది, తింటుంది, అక్షింతలు వేస్తుంది. ఆ లైను లేకపోతే రాదు. ఉంటే అత్తయ్య సంచి తెరవదు. మా వారం రోజుల చర్చంతా ఈ ఇద్దరి చుట్టూనే తిరిగింది.

మొదట తమ్ముడు ఒక ఉపాయం చెప్పాడు. రెండు రకాల కార్డులు వేయిద్దాం, బంధువులకి లైను లేనిది, స్నేహితులకీ కాలనీవాళ్ళకీ లైను ఉన్నది అని. వినడానికి బాగుంది. కానీ ఇప్పుడు కార్డు చేతికిచ్చేలోపే ఫొటో తీసి గ్రూపులో పెడతారు. మా చిన్నమ్మమ్మ కార్డూ ఎదురింటివాళ్ళ కార్డూ ఒకే ఫోన్లో పక్కపక్కన కనిపించడానికి ఒక్క పూట చాలు. అప్పుడు "వాళ్ళ దగ్గర తీసుకుంటారు, మా దగ్గర తీసుకోరా" అని ఒకరు, "వాళ్ళకి వద్దని చెప్పి మాకెందుకు చెప్పలేదు, మా దగ్గర ఆశిస్తున్నారా" అని ఇంకొకరు. ఇద్దరూ నొచ్చుకుంటారు. కాబట్టి కార్డు ఒక్కటే ఉండాలి, అది ఎవరు చదివినా ఇబ్బంది పడకూడదు.

వాక్యం ఎలా కుదిరింది

"బహుమతులు స్వీకరించబడవు" అనే వాక్యంలో తప్పు ఏమిటో నాన్న ఒక్క మాటలో చెప్పారు. "అది కిరాణా కొట్టు గోడ మీద అప్పు ఇవ్వబడదు అని రాసినట్టుందమ్మా." నిజమే. ఎవరు ఎవరికి చెబుతున్నారో లేని వాక్యమది. ఆఫీసుల్లో, బస్సుల్లో, గేట్ల మీద చూసే భాష. ముందు "దయచేసి" తగిలించినా దాని స్వభావం మారదు. ఇంటికి పిలుస్తున్నవాళ్ళు పిలుస్తున్నట్టు మాట్లాడాలి.

దీనికి అవతలి కొసన "మీ ఆశీస్సులే మాకు కానుకలు" ఉంది. వినడానికి మృదువుగా ఉంటుంది, కానీ ఏమీ చెప్పదు. పక్కన చదివింపుల బల్ల వేసుకున్నవాళ్ళు కూడా ఎన్నో ఏళ్ళుగా కార్డులో ఇది వేయిస్తున్నారు. చదివినవాళ్ళు మర్యాదకి రాశారనుకుని కవరు తెస్తారు. కుట్టే ఆవిడ ఈ లైను చదివి ధైర్యం చేసి రాదు.

మొదట నేను రాసింది ఇది: "కానుకలు తీసుకురావద్దని మనవి. మీ రాకే మాకు ఆనందం." అమ్మ ఒప్పుకోలేదు. శుభకార్యం పిలుపులో "వద్దు" అనే మాట పడకూడదంది. నాకది పట్టింపులా అనిపించింది, కానీ ఆలోచిస్తే అందులో ఒక తెలివుంది. పెద్దల దగ్గరికీ, పసిపిల్లల దగ్గరికీ, గుడికీ వట్టి చేతులతో వెళ్ళకూడదని చిన్నప్పట్నుంచీ విన్న మనుషులు వీళ్ళు. వాళ్ళని "తేవద్దు" అంటే వాళ్ళ పద్ధతి తప్పమని మనం అడుగుతున్నట్టు. తేవద్దని చెప్పేకంటే, వచ్చి ఏం చేస్తే మాకు చాలో చెబితే ఆ ఇబ్బంది ఉండదు.

తమ్ముడు రాసింది ఇంకోటి: "మీరు ఇవ్వదలచుకున్నది ఏదైనా అనాథాశ్రమానికి విరాళంగా ఇవ్వండి." ఉద్దేశం మంచిదే. నాన్న వద్దన్నారు. "నా పేరు మీద వాళ్ళ చేత దానం చేయించడమేంట్రా? మనం చేద్దాం." అదీ నిజమే. విరాళం అడిగితే కుట్టే ఆవిడకి మళ్ళీ ఖర్చే. అత్తయ్యకైతే తమ్ముడికి పెట్టాలనుకున్నది ఇంకెక్కడికో పోతుంది. ఇద్దరికీ ఉపయోగం లేదు.

చివరికి కార్డులో వెళ్ళింది ఇది:

"నాన్నగారికి అరవై నిండుతున్న వేళ మీరందరూ కళ్ళముందు ఉండాలన్నదే మా కోరిక. వచ్చి నాలుగు అక్షింతలు వేసి, మాతో కలిసి భోంచేయండి. కానుకల ఆలోచన పెట్టుకోకుండా, తీరిగ్గా రండి."

"పెట్టుకోకుండా" అనే ఆ ఒక్క మాట కోసం అరపూట పట్టింది. అది నిషేధం కాదు. తెచ్చినవాడు తప్పు చేసినట్టు కాదు, తేనివాడు లోటు చేసినట్టూ కాదు. ఇంకో సంగతి, ఆ లైనుని అడుగున, విందు వేళలకింద, లావు అక్షరాల్లో విడిగా వేయించలేదు. ప్రెస్సువాళ్ళు అలవాటు కొద్దీ అలాగే సెట్ చేసి ప్రూఫు పంపారు. ఒక పెట్టెలో, రెండు పువ్వుల మధ్య. అలా వేస్తే ఎంత మెత్తటి మాటైనా బోర్డే అవుతుంది. పిలుపులో కలిపి, అదే అక్షరాల్లో వేయమని మార్పించాం.

మిగతాది నోటితో. అమ్మానాన్నలు తెనాలిలో ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. కుట్టే ఆవిడ ఇంట్లో అమ్మ, "చూడూ, నువ్వు ఏదైనా తెచ్చావంటే నేను మాట్లాడను. పొద్దున్నే వచ్చి నాకు చీర కుచ్చిళ్ళు సర్దాలి" అని చెప్పింది. ఒక పని అప్పజెప్పడం వల్ల ఆమె వట్టి చేతులతో వచ్చినట్టు కాలేదు. వచ్చింది, పిల్లల్ని కూడా తీసుకొచ్చింది. అత్తయ్య ఇంట్లో నాన్న ఇంకేదీ చెప్పలేదట. "అక్కా, నువ్వేం తెస్తావో నాకు తెలుసు. తీసుకురా" అన్నారట.

స్టీలు డబ్బా

రిటర్న్ గిఫ్టు దగ్గర మళ్ళీ అదే తికమక. అసలు ఆ పేరే మనల్ని తప్పుదోవ పట్టిస్తుందని నాకనిపిస్తుంది. తాంబూలం ఎప్పుడూ దేనికీ బదులు కాదు. వచ్చిన మనిషిని ఉత్తగా పంపకూడదని ఇచ్చేది. ఇప్పుడు చాలా ఫంక్షన్లలో కవరు తీసుకునే బల్ల దగ్గరే రిటర్న్ గిఫ్టు సంచి చేతిలో పెడుతున్నారు. కవరు ఇవ్వనివాళ్ళు ఆ బల్ల వైపు వెళ్ళలేక పక్కనుంచి జారుకోవడం నేను కళ్ళారా చూశాను. కానుకల ఆలోచన వద్దని చెప్పి ఆ బల్ల వేస్తే మన మాట మనమే కొట్టేసుకున్నట్టు. మేము చదివింపుల బల్ల వేయలేదు. డబ్బాలు భోజనాల హాలు బయట, చేతులు కడుక్కుని వచ్చే దారిలో పెట్టాం. తిన్న ప్రతి ఒక్కరూ అటే రావాలి.

ఏ వస్తువు అనేదానికి చాలా తిరిగాం. నాకు ఏటికొప్పాక కుంకుమ భరిణెలు ఇష్టం. అంకుడు కర్ర, లక్క రంగులు, చేతిలో పట్టుకుంటే నున్నగా ఉంటాయి. కానీ మా పిన్ని గుర్తొచ్చింది. ఐదేళ్ళ కిందట బాబాయి పోయాక, ఫంక్షన్లలో తాంబూలాలు పంచే వేళకి ఆమె తనంతట తనే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోతుంది. ఎవరూ పొమ్మనరు, కానీ పళ్ళెం ఆమె ముందు ఆగదు. కుంకుమ భరిణె ఇస్తే ఆమెకి ఏమివ్వాలి? వేరేది ఇస్తే అందరికీ తెలుస్తుంది. ఇవ్వకపోతే ఇంకా ఘోరం. అక్కడే నిర్ణయించుకున్నాను. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఏ ఒక్కరికి ఇవ్వడానికి చెయ్యి తడబడినా అది మాకు పనికొచ్చే వస్తువు కాదు. పసుపు కుంకుమల పళ్ళెం అమ్మ ఇష్టప్రకారం విడిగా ఉంది. చేతికిచ్చే వస్తువు మాత్రం అందరికీ ఒక్కటే.

ఈ లెక్కతో చూస్తే చాలా పోయాయి. దేవుడి బొమ్మలున్నవి పోయాయి, ఎందుకంటే నాన్న స్నేహితుల్లో ముస్లిములూ క్రైస్తవులూ ఉన్నారు. పైగా దేవుడి బొమ్మని ఎవరూ పారేయలేరు, వాడలేరు. జర్మన్ సిల్వర్ గిన్నెలు కొన్నాళ్ళకే నల్లబడతాయి. జాకెట్టు ముక్కలు మోచేతుల దాకా చేతులు కుట్టించుకునే ఈ రోజుల్లో ఎనభై సెంటీమీటర్లు చాలక బీరువాల్లో తిరుగుతూ, ఒక్కోసారి పెట్టినవాళ్ళ ఇంటికే తిరిగొస్తాయి. పూతరేకులు అందరికీ ఇష్టమే, కానీ హైదరాబాదు బస్సెక్కేవాళ్ళ సంచిలో పొడైపోతాయి.

చివరికి మూతున్న అరలీటరు స్టీలు డబ్బా, అందులో నాలుగు సున్నుండలు. డబ్బా ఎంపికలో మాకు తెలియని సంగతి ఒకటి కొట్లో తెలిసింది. పక్కపక్కన పెట్టిన రెండు డబ్బాలు చూడటానికి ఒకటే, ధరలో పాతిక రూపాయల తేడా. తక్కెడలో వేస్తే ఒకటి నూట పది గ్రాములు, ఇంకోటి నూట అరవై. తేలికదాన్ని రెండు వేళ్ళతో అంచు దగ్గర నొక్కితే గుండ్రం కాస్తా కోలగా వంగింది. ఒకసారి అలా వంగితే మూత ఇక పట్టదు. మేము మూత పట్టుకుని నీళ్ళతో ఉన్న డబ్బాని పైకెత్తి చూశాం. బరువుది ఊడలేదు. తొంభై ఐదు రూపాయలకి అది తీసుకున్నాం. సున్నుండల సరుకుతో కలిపి ఒక్కోటి నూట ముప్పై దాకా పడింది.

పేరు చెక్కించే విషయంలో అమ్మకీ నాకూ కొంత వాదన జరిగింది. ఫొటో, పేర్లు పెద్దగా ముద్రించిన వస్తువులు తీసుకున్నవాళ్ళు వాడరని నా మాట. "మన వంటింట్లో గిన్నెల మీద పేర్లు లేవా?" అని అమ్మ. ఉన్నాయి. మేం రోజూ మజ్జిగ తాగే గ్లాసు అంచున మా అమ్మమ్మ పేరూ పెళ్ళి తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటాయి. ఆ పేరు మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నాను నేను. కాబట్టి అమ్మ మాట తీసిపారేయలేకపోయాను. డబ్బా అడుగున, చిన్న అక్షరాల్లో, "షష్టిపూర్తి, 2025" అని మాత్రం కొట్టించాం. చూడాలనుకున్నవాళ్ళకి కనిపిస్తుంది.

ఎన్ని తీసుకోవాలన్నది ఇంకో చిక్కు. కుటుంబానికి ఒకటి అనుకుంటే తేలిగ్గా తొంభైతో అయిపోతుంది. కానీ ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు తోడికోడళ్ళు ఒక కుటుంబమా రెండా? ఒకరికిచ్చి ఇంకొకరితో "మీ అక్కకి ఇచ్చాం కదా" అనగలమా? అందుకని వచ్చే ఆడవాళ్ళందరికీ తలా ఒకటి, ఒంటరిగా వచ్చే మగవాళ్ళకి ఒకటి అని లెక్కేశాం. నూట ఇరవై, ఇరవై, మొత్తం నూట నలభై. పైన ఇంకో ఇరవై. నూట అరవై డబ్బాల్లో పదమూడు మిగిలాయి. వంటవాళ్ళకీ, హాలు శుభ్రం చేసినవాళ్ళకీ ఇచ్చాక ఐదు.

సున్నుండలు ఎవరు చేస్తారన్నప్పుడు నాన్న "మా అక్కని అడగండి" అన్నారు. నూట అరవై డబ్బాలకి ఆరు వందల నలభై సున్నుండలు. పదకొండు కిలోల మినప్పప్పు, తొమ్మిది కిలోల బెల్లం, ఐదు కిలోల నెయ్యి. అరవై ఏడేళ్ళ మనిషిని ఎలా అడగాలని నాకు మొహమాటం. అడిగితే ఆవిడ మొదటి ప్రశ్న, "పొట్టుపప్పు తెచ్చారా, తెల్లదా?" అని. పొట్టుతో అయితేనే కమ్మగా ఉంటుందని, సన్న సెగ మీద దగ్గరుండి వేయించి, నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని రెండు రోజుల్లో చుట్టించింది.

వేదిక మీద

ఎంత చెప్పినా కొందరు తెస్తారు. తెచ్చినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోకపోతే వేదిక మీద ఇబ్బంది. నేనూ తమ్ముడూ అనుకున్నది, కవరిస్తే నవ్వుతూ తిరిగి ఇచ్చేద్దామని. మొదటి అరగంటలోనే నాన్న ఆ మాట పక్కన పెట్టేశారు.

నాన్నతో పాటు పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చారు. 1999లో ఆయన బ్యాంకు లోనుకి నాన్న హామీ సంతకం పెట్టారు. జేబులోంచి కవరు తీశారు, రూపాయి బిళ్ళ అంటించిన మామూలు కవరు. తమ్ముడు "అంకుల్, కార్డులో..." అనబోయాడు. నాన్న చెయ్యి అడ్డుపెట్టి, కవరు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనక వరసలో జనం, ఫొటో తీసే అబ్బాయి ఎదురుచూస్తున్నాడు. అక్కడ "వద్దండీ, వద్దండీ" అంటూ కవరు అటూ ఇటూ తోసుకుని ఉంటే ఆ మనిషి పరువేం కావాలి? ఒక్కసారి నోటిమాటగా అనొచ్చు. రెండోసారి చెయ్యి చాచితే తీసుకోవాలి. అది నేను నాన్నని చూసి నేర్చుకున్నాను.

దీనికి ఒక మూల్యం ఉంది, అది దాచను. వెనకే ఉన్న మా కాలనీ దంపతులు ఆ కవరు చూశారు. కార్డులో మాట నమ్మి వట్టి చేతులతో వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆవిడ భర్త చెవిలో ఏదో అంది, ఆయన జేబు తడుముకున్నాడు. నేను వెళ్ళి, "రండి ఆంటీ, ముందు అక్షింతలు వేద్దురు గాని" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆవిడ ముఖంలో ఆ కాస్త చిన్నతనం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. బాకీ ఉన్నవాళ్ళ దగ్గర తీసుకుంటే, మాట నమ్మినవాళ్ళు నలిగిపోతారు. కవర్లు వేదిక మీద కాకుండా ముందు రోజు సాయంత్రమో, ఇంటి దగ్గరో ఇమ్మని దగ్గరివాళ్ళకి ముందే చెప్పి ఉండాల్సింది. అత్తయ్య అలాగే చేసింది. కుందులు ముందు రోజు రాత్రే, పూజగదిలో, నాన్న చేతికిచ్చింది.

ఆ రాత్రి అంతా సర్దుకున్నాక నాన్న పాత పొడుగు పుస్తకం తీసి, చివర్లో ఖాళీగా ఉన్న పేజీలో తేదీ వేశారు. వచ్చిన కవర్లు ఇరవై మూడు. అమ్మ ఒక్కోటి విప్పి చెబుతుంటే ఆయన రాశారు. కుట్టే ఆవిడ పేరు ఎదురుగా "కుచ్చిళ్ళు" అని రాశారు. అత్తయ్య పేరు దగ్గర కుందులు రాసి, కింద ఇంకో వరస కలిపారు: సున్నుండలు, ఆరు వందల నలభై. తర్వాత ఎర్ర పెన్ను కోసం డ్రాయరు వెతికారు.